బ్లౌజ్ కటింగ్ ఛానెల్: మొదటి రోజు సెట్టింగుల నుంచి మొదటి పేమెంట్ దాకా

ప్రశ్న: "నమస్తే అండీ. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్లుగా ఇంట్లోనే బ్లౌజులు, పిల్లల గౌన్లు కుడుతున్నాను, నేర్పిస్తాను కూడా. ఇంటర్ చదివే మా అబ్బాయి వాడి ఫోన్‌లో యూట్యూబ్ ఛానెల్ ఓపెన్ చేసి ఇచ్చాడు. ఆరు వీడియోలు పెట్టాం, అన్నీ ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినవే, రెండేసి నిమిషాలు. పేరు, లోగో ఎలా ఉండాలి, అప్‌లోడ్ చేసేటప్పుడు ఏ సెట్టింగులు పెట్టాలి, డబ్బులు ఎప్పటికి వస్తాయి? నాకు ఇవేమీ తెలియవు, మొదటి నుంచీ చెప్పండి."

జవాబు:

అమ్మా, మీరు ఆరు వీడియోల దగ్గరే అడగడం చాలా మంచిదైంది. మొదటి వారంలో ఎవరూ పట్టించుకోని నాలుగైదు సెట్టింగులే పది నెలల తర్వాత మానిటైజేషన్ దగ్గర, అంటే ఛానెల్‌కి డబ్బు మొదలయ్యే చోట, అడ్డం తిరుగుతాయి. మీ విషయంలో అలాంటివి ఇప్పటికే రెండు కనిపిస్తున్నాయి. ఛానెల్ మీ అబ్బాయి అకౌంట్ మీద ఉంది, వీడియోలు నిలువుగా ఉన్నాయి. ముందు ఈ రెండూ సరిచేద్దాం, లోగో తర్వాత.

మీ అబ్బాయికి ఇంకా 18 నిండి ఉండవు. యూట్యూబ్ డబ్బు వచ్చేది యాడ్‌సెన్స్ అకౌంట్ ద్వారా, దానికి 18 ఏళ్లు నిండాలి, లేదంటే పెద్దవాళ్ల అకౌంట్ కలపాలి. పైగా 13 నుంచి 17 ఏళ్ల వాళ్ల అకౌంట్లలో అప్‌లోడ్ చేసిన వీడియో మనం మార్చకపోతే ప్రైవేట్‌గానే ఉండిపోతుంది. 'పెట్టాను కానీ ఎవరికీ కనిపించట్లేదు' అని చాలామంది అడుగుతుంటారే, కారణాల్లో ఇదొకటి. అసలు చిక్కు వయసు ఒక్కటే కాదు. రేపు వాడు కాలేజీకి వేరే ఊరు వెళ్తాడు, ఫోన్ మారుస్తాడు, పాస్‌వర్డ్ మర్చిపోతాడు, అప్పుడు మీ కష్టమంతా వాడి జీమెయిల్‌లో ఇరుక్కుంటుంది. ఆరు వీడియోలే కాబట్టి నా సలహా సూటిగా చెప్తాను: మీ పేరుతో, మీ అసలు పుట్టిన తేదీతో, మీ సొంత నంబర్‌తో కొత్త జీమెయిల్ తెరిచి అక్కడ ఛానెల్ మళ్లీ మొదలుపెట్టండి. యూట్యూబ్ యాప్‌లో కింద కుడివైపు `You` నొక్కితే `Create a channel` కనిపిస్తుంది. పాత ఛానెల్‌లోని వీడియోలను డిలీట్ చేసేయండి, ఒకటే వీడియో రెండు చోట్ల ఉండకూడదు.

అబ్బాయి సాయం లేకుండా ఎలా అంటారేమో. సాయం తీసుకోండి, పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వనక్కర్లేదు. ఛానెల్ సెట్టింగులన్నీ YouTube Studio అనే చోట ఉంటాయి, అందులో `Settings` → `Permissions` కి వెళ్లి వాడి మెయిల్‌ను `Manager` గానో `Editor` గానో చేర్చండి. వాడి ఫోన్ నుంచే వాడు అప్‌లోడ్ చేస్తాడు, థంబ్‌నెయిల్ మారుస్తాడు, ఛానెల్ మాత్రం మీదే. అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ ఈ రోజే పెట్టండి. మానిటైజేషన్‌కి అది ఎలాగూ తప్పనిసరి, ఛానెళ్లు దొంగల పాలయ్యేది కూడా ఎక్కువగా అది లేకే. అక్కడ గూగుల్ బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, వాటిని కాగితం మీద రాసి కొలతల పుస్తకంలో పెట్టుకోండి, ఫోన్ పోయినా అవి ఉంటే అకౌంట్‌లోకి వెళ్లొచ్చు.

ఆ వెంటనే youtube.com/verify తెరిచి ఫోన్ నంబర్ వెరిఫై చేయండి. ఇది చేయకపోతే సొంత థంబ్‌నెయిల్ పెట్టనివ్వదు, 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కనివ్వదు. బ్లౌజ్ మొత్తం కుట్టి చూపిస్తే పావుగంట ఇట్టే దాటుతుంది. ఒక నంబర్‌తో ఏడాదిలో రెండు ఛానెళ్లే వెరిఫై చేయగలం, కాబట్టి మీ నంబర్ ఇంకెవరి ఛానెల్‌కీ ఇవ్వకండి.

ఇక నిలువు వీడియోల సంగతి, ఇది కాస్త నిదానంగా చదవండి. 2024 అక్టోబర్ 15 నుంచి నిలువుగా గానీ, చదరంగా గానీ ఉండి మూడు నిమిషాల లోపున్న వీడియోను యూట్యూబ్ షార్ట్‌గా లెక్కేస్తోంది. మీరు షార్ట్ అనుకున్నా అనుకోకపోయినా అంతే. అంటే మీ రెండు నిమిషాల వీడియోలన్నీ షార్ట్‌లే. షార్ట్స్ ఫీడ్‌లో జనం వాటిని ఎంతసేపు చూసినా ఆ సమయం మానిటైజేషన్‌కి కావాల్సిన 4000 గంటల్లో కలవదు. నెలల తరబడి నిలువు వీడియోలు పెట్టి, లక్షల్లో వ్యూస్ తెచ్చుకుని, గంటల దగ్గర మాత్రం పదో ఇరవయ్యో చూసుకుని నీరసపడేవాళ్లు ఎంతమందో. మీ పనికి అడ్డంగా తీయడమే మేలు. బల్ల మీద గుడ్డ పరిచినప్పుడు అది అడ్డంగానే ఉంటుంది, టేపు, సుద్ద గీతలు, కత్తెర అన్నీ ఫ్రేమ్‌లోకి వస్తాయి. ఫోన్‌ను స్టాండ్‌కి బిగించి పైనుంచి కిందికి చూసేలా పెట్టండి, కిటికీ వెలుతురు మీ చేతి నీడ గుడ్డ మీద పడని వైపు నుంచి రావాలి. నల్ల బ్లౌజ్ గుడ్డ మీద గీతలు కెమెరాకి కనబడవు, నేర్పే వీడియోకి లేత రంగు గుడ్డ, ముదురు రంగు సుద్ద తీసుకోండి.

షార్ట్‌లు అసలు వద్దనడం లేదు. మీరు ఎవరో కొత్తవాళ్లకి తెలియడానికి అవి పనికొస్తాయి. మెడ పైపింగ్ తిప్పేచోట ముడత రాకుండా కత్తెరతో చిన్న చిన్న గాట్లు ఎలా పెట్టాలో అర నిమిషంలో చూపించి, పూర్తి వీడియో వేరేగా ఉందని చెప్పండి. ఛానెల్‌కి అడ్వాన్స్‌డ్ ఫీచర్లు వచ్చాక షార్ట్ ఎడిట్ చేసే చోట `Related video` అని ఉంటుంది, అక్కడ ఆ పెద్ద వీడియోను జతచేయొచ్చు. అంతవరకే వాటి పని అనుకోండి.

ఇప్పుడు పేరు, లోగో. వీటి గురించి జనం పడే టెన్షన్ అవసరానికి మించి ఉంటుంది. పేరు అనుకున్నాక యూట్యూబ్‌లో తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి కొట్టి చూడండి. అదే పేరుతో ముందే నాలుగైదు ఛానెళ్లు వస్తే మీ పేరో, ఊరి పేరో కలపండి. వినగానే స్పెల్లింగ్ తట్టేలా ఉండాలి. పేరు తెలుగులో పెట్టుకోవచ్చు, హ్యాండిల్ మాత్రం, అంటే @ తో మొదలయ్యేది, ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా పెట్టండి. అది 3 నుంచి 30 అక్షరాల మధ్య ఉండాలి, 14 రోజుల్లో రెండుసార్లు మించి మార్చలేరు. పేరు కూడా అంతే, కాబట్టి కాగితం మీద రాసుకుని ఇంట్లో నలుగురినీ అడిగి ఖాయం చేశాకే టైప్ చేయండి.

ప్రొఫైల్ బొమ్మ 800 × 800 పిక్సెళ్లలో చేసుకుంటే చాలు. కానీ జనం దాన్ని చూసేది కామెంట్ల పక్కన చిన్న గుండ్రం బిళ్లలా. కుట్టుమిషను, కత్తెర, దారపు రీలు, పైన ఛానెల్ పేరు, కింద నంబర్ అన్నీ అందులో కుక్కితే ఏదీ కనబడదు. మీ ముఖం చూపించడం ఇష్టమైతే ముఖం, లేదంటే ఒక రంగు మీద ఒక కత్తెర. బ్యానర్ 2560 × 1440 సైజులో చేయండి, ఫోన్‌లో దాని మధ్య భాగమే కనిపిస్తుంది కాబట్టి రాసేదేదైనా నడిమధ్యలో రాయండి, పక్కలు ఖాళీ గుడ్డలా వదిలేయండి. ఇవన్నీ Studio లో `Customization` కింద ఉంటాయి. అక్కడే ఛానెల్ వివరణలో మీరెవరో, ఏం నేర్పుతారో, ఎవరికో నాలుగు వాక్యాలు మీ మాటల్లో రాయండి. మానిటైజేషన్ రివ్యూ చేసే మనుషులు దాన్ని కూడా చదువుతారు.

ఒక్క జాగ్రత్త. ఆడవాళ్లు నడిపే కుట్టు ఛానెళ్లలో సొంత ఫోన్ నంబర్ వివరణలో పెట్టేస్తుంటారు, ఆర్డర్లు వస్తాయని. ఆర్డర్ల కన్నా ముందు అర్ధరాత్రి కాల్స్ వస్తాయి. ఛానెల్ కోసం వేరే మెయిల్ పెట్టండి, అది చాలు. `Settings` → `Community` లో లింకులున్న కామెంట్లను ఆపే టిక్ ఉంటుంది, అది పెట్టండి. వద్దనుకున్న మాటల జాబితా కూడా అక్కడే రాసుకోవచ్చు, తిట్లను తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రెండు రకాలుగా రాయండి. ఆ మాటలున్న కామెంట్లు నేరుగా బయటికి రావు, మీరు చూసి ఒప్పుకుంటేనే వస్తాయి.

ఇక అప్‌లోడ్. Studio ని ఫోన్‌లో క్రోమ్‌లో తెరిచి `Desktop site` టిక్ పెడితే కంప్యూటర్‌లో లాగే అన్ని సెట్టింగులూ కనిపిస్తాయి, నెట్ సెంటర్‌కి వెళ్లక్కర్లేదు. ముందు `Settings` → `Channel` లో దేశం India అని పెట్టండి. తర్వాత `Upload defaults` తెరవండి. ఇక్కడ ఒకసారి పెట్టినది కంప్యూటర్ పద్ధతిలో చేసే ప్రతి కొత్త అప్‌లోడ్‌కీ తనంతట అదే వచ్చేస్తుంది. భాష Telugu, కేటగిరీ `Howto & Style`. విజిబిలిటీ మాత్రం `Unlisted`, అంటే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టమంటాను, ఎందుకో చెప్తాను. వీడియో ఎక్కగానే మొదట మసక క్వాలిటీలోనే కనిపిస్తుంది, హెచ్‌డీ తయారు కావడానికి ఇంకా టైమ్ పడుతుంది. పబ్లిక్‌గా పెట్టేస్తే మొదట వచ్చినవాళ్లు మసక మసగ్గా చూసి వెళ్లిపోతారు. సుద్ద గీతలు కనబడని కటింగ్ వీడియో ఎవరు చూస్తారు? పైగా అప్‌లోడ్‌లో `Checks` అనే మెట్టు ఉంది, వీడియోలో ఎవరిదైనా పాట ఉందేమో అక్కడ చూస్తుంది. హెచ్‌డీ వచ్చి, ఆ చెక్ పచ్చగా కనిపించాక అప్పుడు పబ్లిక్ చేయండి. చేయడం మర్చిపోవద్దు, అన్‌లిస్టెడ్‌లో ఉన్న వీడియో గంటలు లెక్కలోకి రావు.

తర్వాత ఆడియన్స్ ప్రశ్న వస్తుంది: వీడియో పిల్లల కోసం చేసిందా, కాదా అని. మీకు ఇదే అతి ముఖ్యమైన టిక్. మీరు పిల్లల గౌన్లు కుడతానన్నారు. 'రెండేళ్ల పాపకి గౌను' అని వీడియో పెట్టినప్పుడు చెయ్యి దానంతటదే `Yes, it's made for kids` మీదకి వెళ్తుంది. అది తప్పు. యూట్యూబ్ అడిగేది ఎవరి గురించి అని కాదు, ఎవరు చూడటానికి అని. పాప గౌను కటింగ్ చూసేది పాప కాదు, వాళ్ల అమ్మ. కాబట్టి `No, it's not made for kids`. పొరపాటున ఎస్ పెడితే ఆ వీడియోకి కామెంట్లు ఆగిపోతాయి, చివర్లో పెట్టే ఎండ్ స్క్రీన్ పనిచేయదు, చూసినవాళ్ల ఇష్టాలను బట్టి వచ్చే ప్రకటనలు రావు కాబట్టి రేపు ఆదాయం కూడా తగ్గుతుంది. కామెంట్లు లేవేంటా అని చూసుకునేదాకా చాలామందికి ఈ సంగతే తెలియదు. మీ వీడియోల్లో ఏదైనా కామెంట్లు ఆగి ఉంటే ముందు ఈ టిక్ చూడండి. అన్నీ పెద్దవాళ్ల కోసమే కాబట్టి ఛానెల్ మొత్తానికీ కలిపి `Settings` → `Channel` → `Advanced settings` లో ఒకసారే నో పెట్టేయొచ్చు.

టైటిల్, వివరణ ఎలా రాయాలో ఒక వీడియోకి చేసి చూపిస్తాను. 34 సైజు లైనింగ్ బ్లౌజ్ కటింగ్ తీశారనుకుందాం. 'నా కొత్త వీడియో, చూసి ఆశీర్వదించండి' అని రాస్తే ఎవరికీ దొరకదు. నేర్చుకునేవాళ్లు కొందరు తెలుగులో మాట్లాడి వెతుకుతారు, కొందరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. రెండూ ఉండేలా టైటిల్ పెట్టి, వివరణలో ఏ భాగం ఎక్కడుందో టైమ్ రాయండి.

```
34 సైజు లైనింగ్ బ్లౌజ్ కటింగ్ | Blouse cutting in Telugu

0:00 కొలతలు తీసుకోవడం
2:10 వెనుక భాగం కటింగ్
5:40 ముందు భాగం, డాట్లు
9:15 చేతుల కటింగ్
```

ఈ టైమ్‌లు 0:00 తో మొదలై, కనీసం మూడు ఉండి, ఒక్కో భాగం కనీసం 10 సెకన్లు ఉంటే వీడియో గీత కింద చాప్టర్లుగా కనిపిస్తాయి. చంక దగ్గర లూజు రావడం లేదని బాధపడే అమ్మాయి నేరుగా చేతుల భాగానికి వెళ్తుంది, మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూస్తుంది. అలా తిప్పి చూసే సమయం కూడా మీ గంటల్లోకే వస్తుంది. చివరి 20 సెకన్లు చేతులు ఆపేసి కుట్టిన బ్లౌజ్ చూపిస్తూ మాట్లాడండి, ఆ చోట ఎండ్ స్క్రీన్‌లో స్టిచింగ్ వీడియో పెట్టొచ్చు. కటింగ్ చూసినవాళ్లకి తర్వాత కావాల్సింది అదే కదా. థంబ్‌నెయిల్ 1280 × 720, అందులో పూర్తయిన బ్లౌజ్ దగ్గరగా, పెద్ద అక్షరాల్లో '34 సైజు' అని రెండు మాటలు. టైటిల్ మొత్తం మళ్లీ దాని మీద రాయక్కర్లేదు. ట్యాగుల మీద గంటలు గంటలు పెట్టకండి, వాటివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

మిషను కుడుతుంటే వెనకాల టీవీలో సినిమా పాట వస్తూ ఉంటుంది, మన ఇళ్లలో మామూలే. ఆ పాటను యూట్యూబ్ పట్టేస్తుంది, కంటెంట్ ఐడీ క్లెయిమ్ అని వస్తుంది. భయపడకండి, క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే ఆ ఒక్క వీడియో డబ్బు సాధారణంగా పాట హక్కుదారుకి వెళ్తుంది, కొన్నిసార్లు వీడియోనే ఆపేస్తారు. ఛానెల్‌కి దెబ్బ కాదు. స్ట్రైక్ అంటే హక్కుదారు ఫిర్యాదు చేసి వీడియో తీయించడం, 90 రోజుల్లో మూడు వస్తే ఛానెలే పోవచ్చు. టీవీ కట్టేసి తీయండి, మ్యూజిక్ కావాలనిపిస్తే Studio లోనే `Audio library` ఉంది, అక్కడివి వాడుకోండి. 'నో కాపీరైట్' అని ఎవరో పేరు పెట్టి ఎక్కించిన పాటలను నమ్మకండి.

ఇప్పుడు డబ్బు సంగతి. ప్రకటనల ఆదాయం రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దానితోపాటు గడిచిన 365 రోజుల్లో పబ్లిక్ వీడియోల మీద 4000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. లేదా ఆ గంటల బదులు గడిచిన 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్. దీనికన్నా ముందు ఒక చిన్న మెట్టు ఉంది: 500 సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో మూడు పబ్లిక్ అప్‌లోడ్‌లు, 3000 గంటలు లేదా 90 రోజుల్లో 30 లక్షల షార్ట్స్ వ్యూస్. ఆ మెట్టు మీద ప్రకటనల డబ్బు రాదు, చూసేవాళ్లు ఇష్టపడి ఇచ్చే సూపర్ థ్యాంక్స్, మెంబర్‌షిప్ లాంటివే. మీకు ఆ డబ్బు పెద్దగా రాకపోవచ్చు. ఈలోగా మీ వీడియో మీద ప్రకటన కనబడితే డబ్బు మొదలైందని అనుకోకండి, ఈ ఆదాయం పంచే యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేని ఛానెళ్ల మీద కూడా యూట్యూబ్ ప్రకటనలు వేస్తుంది, అందులో మనకి వాటా ఉండదు.

4000 గంటలంటే ఎంతో మీ వీడియోలతోనే లెక్కేద్దాం. నిమిషాల్లో అది 2,40,000. మీ 12 నిమిషాల కటింగ్ వీడియోను ఒక్కొక్కరు సగటున 4 నిమిషాలు చూశారనుకుంటే, అన్ని వీడియోలకీ కలిపి ఏడాదిలో 60,000 వ్యూస్ కావాలి. అదే సగటు 2 నిమిషాలకి పడిపోతే 1,20,000. చూశారా, వ్యూస్ రెట్టింపు చేయడం కన్నా జనాన్ని ఇంకో రెండు నిమిషాలు కూర్చోబెట్టడం మీ చేతిలో ఉన్న పని. మీ వీడియో మొదట్లో రెండు నిమిషాలు నమస్కారాలు, లైక్ చేయండి, షేర్ చేయండి అని పోతే జనం అక్కడే దిగిపోతారు. Studio లో ఆ వీడియో `Analytics` తెరిస్తే ఎక్కడ ఎంతమంది ఆగిపోయారో గీత గీసి చూపిస్తుంది. మొదటి అర నిమిషంలోనే గీత నిట్టనిలువుగా పడిపోతుంటే మొదలు మార్చాలి: పూర్తయిన బ్లౌజ్ చూపించి, 'ఇది 34 సైజు, గుడ్డ ఇంత, మొదట మడత ఇలా' అని నేరుగా పనిలోకి దిగండి.

ఆ 365 రోజులనేది రోజూ ముందుకు జరుగుతూ ఉంటుందని గుర్తుపెట్టుకోండి. పండగ ముందు ఒక వీడియో బాగా పోయి 1500 గంటలు తెచ్చిందనుకోండి, ఏడాది తిరిగాక ఆ గంటలు లెక్కలోంచి జారిపోతాయి, అంకె తగ్గిందని కంగారు పడతారు. పాత వీడియో బాగా లేదని డిలీట్ చేసినా, ప్రైవేట్ చేసినా దాని గంటలూ పోతాయి. నచ్చకపోయినా తప్పులు లేనిదైతే అలాగే ఉండనివ్వండి. ఇంకోటి, `Analytics` లో కనిపించే మొత్తం వాచ్ టైమ్‌లో షార్ట్స్ సమయం కూడా కలిసి ఉంటుంది. మీకు పనికొచ్చే అసలు అంకె `Earn` పేజీలో ఉంటుంది, అది కొంచెం ఆలస్యంగా మారుతుంది. రెండూ తేడాగా ఉంటే `Earn` దే నమ్మండి.

గంటలు, సబ్‌స్క్రైబర్లు అమ్ముతామని వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తాయి. 'నువ్వు నాది చెయ్యి, నేను నీది చేస్తా' అనే గ్రూపులూ ఉన్నాయి. యూట్యూబ్ రూల్స్‌లో రెండూ నిషేధమే. ఆ వెయ్యి మంది మీ వీడియో ఒక్కటీ చూడరు, అంకె ఉంటుంది కానీ గంటలు కదలవు.

అర్హత రాగానే డబ్బు రాదు, అప్లై చేశాక మనుషులు ఛానెల్ చూస్తారు. మామూలుగా నెల రోజుల్లోపు జవాబు వస్తుంది. ఛానెల్ ముఖ్యంగా దేని గురించి, ఎక్కువ మంది చూసినవి, కొత్తగా పెట్టినవి, ఎక్కువ వాచ్ టైమ్ తెచ్చినవి, టైటిళ్లు, థంబ్‌నెయిళ్లు, వివరణ చూస్తారు. కుట్టు ఛానెళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కారణం ఒకటే: '100 లేటెస్ట్ బ్లౌజ్ డిజైన్లు' అని ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటోలను వరసగా పెట్టి వెనకాల మ్యూజిక్ వేసిన వీడియోలు. వ్యూస్ తొందరగా వస్తాయి, అందుకే చేస్తారు. కానీ అవి మీవి కావు, రీయూజ్డ్ కంటెంట్ అని ఛానెల్ మొత్తాన్నీ తిరస్కరిస్తారు. డిజైన్లు చూపించాలనుంటే మీరు కుట్టినవే, మీ చేతిలో పట్టుకుని, ఆ మెడ ఎందుకు అలా కట్ చేశారో మీ గొంతుతో చెప్తూ చూపించండి. తిరస్కరిస్తే 21 రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చు, లేదా వీడియోలు సరిచేసి 30 రోజుల తర్వాత మళ్లీ అప్లై చేయొచ్చు.

ఒప్పుకున్నాక మామూలు వీడియోల ప్రకటనల ఆదాయంలో మీ వాటా 55 శాతం, షార్ట్స్‌కి 45 శాతం. 8 నిమిషాలు దాటిన వీడియోకి మధ్యలో కూడా ప్రకటనలు వేయొచ్చు. అవి కత్తెర గుడ్డ మీద ఉన్నప్పుడు కాకుండా, ఒక భాగం అయిపోయి ఇంకో భాగం మొదలయ్యే చోట మీరే పెట్టుకోండి.

డబ్బు చేతికొచ్చే దారిలో మూడు చోట్ల ఆగిపోతారు. మొదటిది పేరు, అడ్రస్. యాడ్‌సెన్స్‌లో పేరు మీ బ్యాంకు ఖాతాలో, పాన్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి, ఇంటిపేరుతో సహా. ఆదాయం 10 డాలర్లు చేరాక గూగుల్ మీ అడ్రస్‌కి పోస్టులో పిన్ పంపిస్తుంది, రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు. పల్లెటూరు కాబట్టి అడ్రస్‌లో డోర్ నంబర్‌తో పాటు గుడి దగ్గరో, బడి పక్కనో గుర్తు, పోస్టాఫీసు పేరు, పిన్‌కోడ్ రాయండి. మీ పోస్ట్‌మ్యాన్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, చిన్న కవరు కాబట్టి ఎవరో పారేస్తారు. నాలుగు నెలల్లో ఆ పిన్ ఎక్కించకపోతే ప్రకటనలు ఆగిపోతాయి, రాకపోతే మళ్లీ పంపమని అడగొచ్చు. రెండోది ట్యాక్స్ ఫారం. మన తెలుగువాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారు, వాళ్లు మీ వీడియో చూస్తే ఆ ఆదాయం మీద అక్కడి పన్ను పట్టుకుంటారు. `W-8BEN` ఫారంలో పాన్ నంబర్ ఇచ్చి భారత్, అమెరికా పన్ను ఒప్పందం ఎంచుకుంటే అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన ఆదాయం మీద మాత్రమే 15 శాతం పోతుంది. ఫారం నింపకుండా వదిలేస్తే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా పట్టుకోవచ్చు. మూడోది బ్యాంకు. డబ్బు విదేశం నుంచి వస్తుంది కాబట్టి స్విఫ్ట్ కోడ్ అడుగుతుంది. పల్లెటూరి బ్రాంచికి సొంత స్విఫ్ట్ కోడ్ ఉండకపోవచ్చు, అప్పుడు మీ బ్యాంకులో ఏ పెద్ద బ్రాంచి కోడ్ వాడాలో మేనేజర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఖాతాలో 100 డాలర్లు చేరిన తర్వాతి నెల 21 నుంచి 26 తేదీల మధ్య పంపుతారు. మొదటిసారి 100 చేరడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, ఆ డబ్బు ఎక్కడికీ పోదు, కలుస్తూ ఉంటుంది.

కొత్త జీమెయిల్, వెరిఫికేషన్, ఆ ఆడియన్స్ టిక్, ఈ మూడూ ఈ వారం చేసేసి, పాత ఆరు వీడియోల్లో బాగా వచ్చిన కటింగ్‌ను అడ్డంగా, పూర్తిగా మళ్లీ తీయండి. ఎక్కడైనా స్క్రీన్ మీద నేను చెప్పినట్టు కనిపించకపోతే ఆ స్క్రీన్‌షాట్ తీసి పంపండి, చూసి చెప్తాను.